గ్రాముల లెక్క గ్రాములలోనే: వెండి కైంకర్యానికి ధర కట్టే విధం

భద్రాద్రికి వచ్చే యాత్రికులందరికీ రామదాసుగారి చరిత్ర తెలిసినదే. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్నగారు 17వ శతాబ్దంలో, తానీషా ఏలుబడి కాలంలో, పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి స్వామివారికి ఆలయం కట్టించారు, నగలు చేయించారు. ఆ సొమ్ముకు సంజాయిషీ అడిగిన ప్రభువు ఆయనను చెరసాలలో ఉంచాడు. అక్కడ ఆయన పాడినట్లు చెప్పుకునే కీర్తనలలో ఒకటి నిజానికి జమాఖర్చు పద్దు వంటిది. సీతమ్మవారికి చింతాకు పతకం, రామచంద్రులకు కలికి తురాయి, భరతునికి పచ్చల పతకం అంటూ ఎవరికి ఏ నగ చేయించినదీ, దానికి ఎన్ని నాణేలు పట్టినదీ స్వామికే ఒప్పజెబుతారు.

ఆ కీర్తన విన్నప్పుడల్లా నాకు నా వృత్తి గుర్తుకు వస్తుంది. మా తండ్రిగారు ఖమ్మం పట్టణంలో వెండి పని చేసేవారు. నాకు కుంపటి ముందు కూర్చునే నేర్పు అబ్బలేదు గాని, ముప్పై ఏళ్ళకు పైగా ఆ దుకాణపు పద్దులు రాశాను. ఇప్పుడు దేవాలయాలకు వెండి వస్తువులు సమర్పించదలచిన దాతలు కొందరు, కమ్మరితో గాని కంసాలితో గాని ముఖం చూసి బేరమాడలేక, అంచనా కాగితం పట్టుకొని నా వద్దకు వస్తుంటారు. వారికి నేను చెప్పేది ఒకే ఒక మాట. లోహం లెక్క గ్రాములలో, పని లెక్క రూపాయలలో రాయించుకోండి, ఒకదానిలో ఒకటి కలవనివ్వకండి. ఈ మాట ఎందుకు అంటున్నానో ఒక గ్రామం అనుభవం ద్వారా వివరిస్తాను.

అడవి అంచు గ్రామం, ఒక శఠగోపం

పర్ణశాల దాటి అడవి అంచున ఉన్న ఒక చిన్న గ్రామంలో రామాలయం ఉన్నది. అక్కడి ఇత్తడి శఠగోపం అరిగిపోయి పగుళ్ళు వచ్చింది. శ్రీరామనవమి నాటికి వెండి శఠగోపం చేయించాలని గ్రామస్థులు సంకల్పించుకున్నారు. డబ్బుతో పాటు ఇంటింటా మూలపడి ఉన్న పాత వెండిని కూడా సమర్పించారు. తెగిన పట్టీలు, మెట్టెలు, తల్లుల నాటి కడియాలు, మొలతాళ్ళు అన్నీ కలిపి 640 గ్రాములు తూగాయి. గ్రామ కమిటీ కోశాధికారి ఆ బరువును పుస్తకంలో రాసుకొని, పట్టణంలోని ఒక దుకాణంలో ఇచ్చి, 800 గ్రాముల శఠగోపానికి ఆర్డరు పెట్టి, 20,000 రూపాయలు బయానా కట్టి వచ్చాడు.

వస్తువు సిద్ధమయ్యాక దుకాణంవారు చూపిన లెక్కలో గ్రామం ఇచ్చిన వెండి 420 గ్రాములుగా మాత్రమే ఉన్నది. ఆ వార్త ఊరికి చేరేసరికి 220 గ్రాముల వెండి ఏమైందన్న ప్రశ్న పుట్టింది. దుకాణంవారు తిన్నారని కొందరు, కోశాధికారే దారిలో తీశాడని మరికొందరు అనుకోసాగారు. ఆయన కాగితాలన్నీ సంచిలో వేసుకొని నా వద్దకు వచ్చాడు.

"అయ్యా, వెండి పోతే పోయింది, నా ఇల్లమ్మి అయినా కట్టుకుంటాను. దొంగ అనిపించుకొని ఆ గుడి మెట్టు మాత్రం ఎక్కలేను" అన్నాడు.

నేను ఆ కాగితాలను ఒక్కొక్కటిగా చూశాను. ఇక్కడ చదువరుల సౌలభ్యం కోసం ఆ నాటి ధరలను గుండ్రని అంకెలుగా మార్చి చెబుతున్నాను. ఆర్డరు పెట్టిన రోజున మేలిమి వెండి గ్రాము 100 రూపాయలనీ, వస్తువు తీసుకొనే రోజున 120 రూపాయలనీ అనుకుందాం.

640 గ్రాములు 420 ఎలా అయ్యాయి?

పాత వెండి తూకం రెండు చోట్ల తగ్గుతుంది. మొదటిది కరిగించినప్పుడు. పట్టీల మధ్య పేరుకున్న మట్టి, మొలతాడు దారం, మువ్వలలోని గుండ్లు, బోలు కడియాలలో నింపిన లక్క ఇవన్నీ తూకంలో వెండిగానే కనిపిస్తాయి. మూసలో వేసి వెలిగారం చల్లి కరిగించేసరికి అవి కాలిపోవడమో, మడ్డిగా పైకి తేలడమో జరుగుతుంది. టంకంలో ఉండే చౌక లోహం కూడా కొంత ఆవిరైపోతుంది. ఆ విధంగా 640 గ్రాములు కరిగి 600 గ్రాముల కడ్డీ అయ్యాయి. కరిగింపు చీటీలో ఆ అంకె స్పష్టంగా ఉన్నది.

రెండవది స్వచ్ఛత. మెత్తని మేలిమి వెండితో పట్టీలు చేస్తే నాలుగు రోజులు నిలవవు. అందువల్ల రాగి కలుపుతారు. అంగడిలో దొరికే చవక పట్టీలలో నూటికి అరవై, డెబ్బై పాళ్ళ వెండి మాత్రమే ఉండడం సాధారణం. ఈ కడ్డీని పరీక్షించగా నూటికి 70 పాళ్ళు వచ్చింది. అంటే 600 గ్రాములలో మేలిమి వెండి 420 గ్రాములు. తక్కిన 180 గ్రాములు రాగి మొదలైన లోహాలు. ఎవరూ దొంగిలించలేదు. ఆ 180 గ్రాములు మొదటినుంచీ వెండి కానే కావు.

అయినా ఒక సందేహం మిగిలింది. ఊరిలో ఒక వృద్ధురాలు తన అత్తగారి నాటి బరువైన కడియం ఇచ్చింది. "అది రూపాయలు కరిగించి చేయించినది, దానిలో కల్తీ ఎక్కడిది?" అని ఆమె వాదన. ఆమె మాటలో చాలా నిజమున్నది. ఆ నిజం ఈ సరిహద్దు చరిత్రకు సంబంధించినది.

పూర్వం ఈ ప్రాంతంలో వెండి కావాలంటే రూపాయలు కరిగించేవారు. అయితే ఖమ్మం ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది, భద్రాచలం తాలూకా 1860 తరువాత ఇంగ్లీషువారి పాలనలో ఉండేది. 1959లో గాని అది ఖమ్మం జిల్లాలో చేరలేదు. అందుచేత ఈ అడవి అంచున రెండు రూపాయలు చెల్లేవి. నిజాం హాలీ సిక్కా రూపాయి సుమారు 11.18 గ్రాములు తూగేది, అందులో నూటికి దాదాపు 82 పాళ్ళు వెండి. ఇంగ్లీషు రూపాయి 11.66 గ్రాములు, అందులో నూటికి 91.7 పాళ్ళు వెండి. ఆరు ఇంగ్లీషు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకంగా ఉండడంలో ఈ లోహపు తేడాయే కనిపిస్తుంది. ఇక 1940 నుంచి ఇంగ్లీషు రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. కనుక రూపాయల కడియం అన్నంత మాత్రాన దాని స్వచ్ఛత తెలియదు. ఏ రూపాయలో, ఏ కాలపువో తెలియాలి.

ఆమె కడియం పట్టీల కంటె మేలైన వెండి అయివుండవచ్చును. అన్నిటినీ ఒకే మూసలో వేసి కరిగించడం వల్ల మొత్తం మేలిమి వెండి తగ్గలేదు గాని, ఎవరు ఎంత ఇచ్చారన్నది ఇక తేల్చలేని స్థితి వచ్చింది. ఊరి పుస్తకంలో ఆమె కడియానికీ, పల్చని పట్టీకీ గ్రాముకు గ్రాముగా ఒకే విలువ పడింది. ఇది కోశాధికారి చేసిన పొరపాటే, దొంగతనం మాత్రం కాదు. పాత వెండి సేకరించేవారు బరువైన కడియాలను ఒక కట్టగా, పట్టీలను మరొక కట్టగా విడిగా కరిగించి, విడిగా పరీక్ష చీటీ తీసుకోవడం న్యాయం. పరీక్ష కూడా కరిగించిన తరువాతే చేయించాలి. దుకాణాలలోని ఎక్స్‌రే యంత్రం వస్తువు పైపొరను మాత్రమే చూస్తుంది. ఆమ్లంలో శుభ్రం చేసిన వస్తువు పైపొరలో రాగి కరిగిపోయి, లోపలికంటె మెరుగైన అంకె చూపించవచ్చును. మెరుగు పూత ఉన్న వస్తువు సంగతి చెప్పనే అక్కరలేదు.

800 గ్రాముల వస్తువుకు ఎంత వెండి కావాలి?

ఇప్పుడు శఠగోపం వైపు వద్దాం. ఆర్డరు కాగితంలో 92.5 పాళ్ళ వెండి అని ఉన్నది. గట్టిదనం కోసం తక్కిన 7.5 పాళ్ళు రాగి కలుపుతారు. అటువంటి 800 గ్రాముల వస్తువులో మేలిమి వెండి 740 గ్రాములు ఉంటుంది.

దీనికి తరుగు కలపాలి. తరుగు అంటే ఏమిటో దాతలకు తెలియకపోవడం వల్లనే సగం అపార్థాలు వస్తున్నాయి. కడ్డీని సాగగొట్టి రేకు చేసి, గుండ్రంగా వంచి, పాదుకలను వెనుకనుంచి ఉబ్బెత్తుగా కొట్టి, ముందునుంచి చెక్కి, టంకం పెట్టి, ఆకురాయితో రాచి, మెరుగు పెట్టే వరకు ప్రతి దశలోనూ కొంచెం లోహం పోతుంది. మూసకు అంటుకున్నది, ఆమ్లంలో కరిగినది, మెరుగు బ్రష్షు వెంట ఎగిరిపోయినది తిరిగి రాదు. రేకు కత్తిరించగా మిగిలిన ముక్కలు మాత్రం తరుగు కావు, అవి మళ్ళీ మూసలోకే వెళతాయి. ఆకురాతి కింద రాలిన రజనులో కూడా చాలా భాగాన్ని పనివారు తిరిగి సంపాదించుకుంటారు. మా తండ్రిగారు దుకాణం ఊడ్చిన దుమ్మును సైతం డబ్బాలో దాచేవారు. దానిని కొని, కడిగి, వెండి తీసుకొనేవారు ఉండేవారు.

కాబట్టి తరుగు పేరిట తీసుకొనేదంతా గాలిలో కలిసిపోతుందని అనుకోవద్దు. దానిలో కొంత నిజమైన నష్టం, కొంత పనివాని రాబడి. ఇది ఈ వృత్తిలో పాతకాలపు ఆనవాయితీ, ముందుగా చెప్పి తీసుకుంటే అందులో తప్పు లేదు. దాత అడగవలసిన ప్రశ్నలు రెండే. తరుగు నూటికి ఎంత? అది ఏ బరువు మీద? మన శఠగోపానికి నూటికి 5 చొప్పున, పూర్తయిన వస్తువు బరువు మీద ఒప్పుకున్నారు. 800 గ్రాముల మీద అది 40 గ్రాములు. ఆ 40 గ్రాములూ 92.5 పాళ్ళ వెండే గనుక అందులో మేలిమి 37 గ్రాములు.

ఇప్పుడు కూడిక సులభం. వస్తువులో 740, తరుగు 37, మొత్తం 777 గ్రాముల మేలిమి వెండి కావాలి. గ్రామం ఇచ్చినది 420. కొనవలసినది 357.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కొందరు తరుగుతో కలిసిన 840 గ్రాముల బరువును నేరుగా మేలిమి వెండి ధరతో గుణిస్తారు. అప్పుడు లోహం విలువ 84,000 రూపాయలు అవుతుంది. మేలిమి లెక్కన అయితే 777 గ్రాములకు 77,700 రూపాయలే. నడుమనున్న 6,300 రూపాయలు రాగికి వెండి ధర కట్టినందువల్ల వచ్చిన తేడా. కనుక గోడమీది పలకలో గ్రాము ధర చూసినప్పుడు, అది ఏ స్వచ్ఛతకు చెప్పిన ధరో అడగండి. మేలిమి ధర అయితే బరువు కూడా మేలిమిలోకి మార్చాలి. 92.5 పాళ్ళ వెండికి వేరే ధర రాసివుంటే, దానిని వస్తువు బరువుతో గుణించవచ్చును. ఈ దుకాణంవారు మేలిమి లెక్కే వేశారు, ఆ విషయంలో వారిని తప్పుపట్టడానికి లేదు.

మజూరీ దేని మీద?

మజూరీ గ్రాముకు 20 రూపాయలు, పూర్తయిన బరువు మీద, అని కాగితంలో ఉన్నది. అంటే 16,000 రూపాయలు. తరుగుతో కలిసిన 840 గ్రాముల మీద లెక్కిస్తే మరో 800 రూపాయలు పెరిగేది. లేని లోహం మీద కూలి ఇవ్వనక్కరలేదు గదా.

మజూరీని రూపాయలలో చెప్పించుకోవడమే మేలు. కొన్నిచోట్ల వెండి విలువలో నూటికి ఇంత అని చెబుతారు. ఈ శఠగోపానికి నూటికి 20 అని ఒప్పుకొని ఉంటే, వెండి ధర 100 నుంచి 120కి పెరగగానే మజూరీ కూడా అదే పాళ్ళలో పెరిగేది. పనివాడు కొట్టిన సుత్తి దెబ్బలు మాత్రం అవే. లోహం ధర పెరిగిన కారణంగా కూలి పెరగడానికి న్యాయమైన ఆధారం కనిపించదు.

అయితే గ్రాముకు మజూరీ తక్కువ కావడమే మంచి బేరమని భ్రమించవద్దు. నున్నని పళ్ళెానికీ, చెక్కుడు పని ఉన్న శఠగోపానికీ ఒకే రేటు ఉండదు. కరీంనగర్ తీగపని చూడండి. వెంట్రుకల వంటి వెండి తీగలను మెలిపెట్టి, చుట్టలు చుట్టి, టంకంతో అతికి చేసే ఆ వస్తువులలో వెండి బరువు స్వల్పం, పట్టే రోజులు ఎక్కువ. వాటికి గ్రాముల మీద కూలి కట్టితే పనివాని కుటుంబం గడవదు. అటువంటి పనికి మొత్తం వస్తువుకు ఇంత అని మాట్లాడుకోవడమే ఉభయులకూ క్షేమం.

ఏ రోజు ధర?

ఇంతవరకు దుకాణంవారి లెక్క సరిగానే ఉన్నది. చిక్కంతా రోజు దగ్గర వచ్చింది.

ఆర్డరు పెట్టిన రోజున ఇచ్చిన రసీదులో రెండు పంక్తులు ఉన్నాయి. పాత వెండికి జమ 42,000 రూపాయలు, బయానా 20,000 రూపాయలు. రెండూ రూపాయలే. వస్తువు తయారయ్యేసరికి గ్రాము ధర 120 అయింది. దుకాణంవారు 777 గ్రాములకు ఆ ధర కట్టి, 93,240 రూపాయలు లోహం, 16,000 మజూరీ కలిపి, రసీదులోని 62,000 తీసివేసి, పన్ను కాక 47,240 రూపాయలు ఇవ్వమన్నారు.

ఈ లెక్కలో ఏమి జరిగిందో నిదానంగా గమనించండి. గ్రామం ఇచ్చినది 420 గ్రాముల మేలిమి వెండి. దానిని ఆ రోజే 42,000 రూపాయలుగా మార్చివేశారు. రెండు నెలల తరువాత అదే 42,000 రూపాయలకు గ్రాము 120 చొప్పున 350 గ్రాములే వస్తాయి. గ్రామస్థుల వెండిలో 70 గ్రాములు ఎవరి చేతా దొంగిలించబడకుండానే కాగితం మీద కరిగిపోయాయి. వాటి విలువ 8,400 రూపాయలు. అట్లే, బయానా కట్టిన రోజున 20,000 రూపాయలకు 200 గ్రాముల వెండి వచ్చేది. దానిని గ్రాములుగా నమోదు చేయించనందువల్ల మరో 4,000 రూపాయల భారం పడింది.

అదే లెక్కను గ్రాములలో వేసి చూడండి. కావలసినది 777. పాత వెండి 420 జమ. బయానాతో ఆ రోజే కొన్నది 200. మిగిలిన 157 గ్రాములకు మాత్రమే 120 చొప్పున 18,840 రూపాయలు. దానికి మజూరీ 16,000 కలిపితే 34,840 రూపాయలు. రెండు పద్ధతులకూ తేడా 12,400 రూపాయలు.

వెండి ధర తగ్గి ఉంటే రూపాయల పద్ధతిలోనే గ్రామానికి లాభం వచ్చేది గదా అని ఎవరైనా అడగవచ్చును. నిజమే. కాని దేవునికి కైంకర్యం చేయబూనినవారు వెండి ధర మీద పందెం కాయడానికి రాలేదు. గ్రాములలో రాస్తే ధర పెరిగినా తగ్గినా ఇచ్చిన లోహం ఇచ్చినంతే ఉంటుంది. ఆ నిశ్చింత కోసమే గ్రాముల లెక్క.

నేను కోశాధికారిని వెంటబెట్టుకొని దుకాణానికి వెళ్ళాను. యజమాని మర్యాదస్థుడే. "రసీదులో ఉన్నదే మేము అడిగాము" అన్నాడు. నేను కరిగింపు చీటీ ముందుంచి, "అయ్యా, ఇందులో 600 గ్రాములు, 70 పాళ్ళు అని మీ పనివారే రాశారు. వీరు మీకు వెండి అమ్ముకోవడానికి రాలేదు. వస్తువులో కలపమని ఇచ్చారు" అన్నాను. ఆయన కొంతసేపు ఆలోచించి పాత వెండికి 420 గ్రాముల జమ ఒప్పుకున్నాడు. బయానా విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. "ఆ రోజున మీరు వెండి పట్టుకొమ్మని చెప్పలేదు, నేను కొని పెట్టలేదు" అన్నాడు. అదీ న్యాయమే. బయానా అంటే ఆర్డరుకు హామీ మాత్రమే. ఇన్ని గ్రాములు ఈ ధరకు అని రాయించుకుంటే తప్ప అది లోహం కొనుగోలు కాదు.

ఆ విధంగా 8,400 తగ్గాయి, 4,000 తగ్గలేదు. పన్ను సంగతి కూడా చెప్పాలి. వెండి వస్తువుల మీద జీఎస్‌టీ నూటికి 3. పాత వెండి ఇచ్చి కొత్త వస్తువు తీసుకున్నప్పుడు, పాతదాని విలువ తీసివేసిన తరువాత మిగిలిన దానిమీద కాక, లోహం, తరుగు, మజూరీ కలిసిన పూర్తి విలువ మీద పన్ను పడుతుంది. ఇక్కడ 1,09,240 రూపాయల మీద పన్ను సుమారు 3,277. వెరసి గ్రామం కట్టవలసినది 42,117 రూపాయలు. వారి చేతిలో ఉన్నది 35,000.

ఆ ఏడు వేల లోటు వల్ల నవమి నాటికి వెండి శఠగోపం ఊరు చేరలేదు. కల్యాణం నాడు పగిలిన ఇత్తడి శఠగోపమే అందరి తలలనూ తాకింది. ఆ తరువాత తునికాకు కోత వచ్చింది. ఆకు కట్టలు కట్టిన కూలిడబ్బులోంచి ఇంటికింత వేసుకొని మిగిలినది చెల్లించి, వైశాఖంలో హనుమజ్జయంతి నాటికి వస్తువు తెచ్చుకున్నారు.

తీసుకొనే రోజున

నేను కూడా ఆ రోజున వారి వెంట ఉన్నాను. ముందుగా శఠగోపం లోపలి భాగం చూపించమన్నాము. కొన్ని వస్తువులకు లోపల రాగి గిన్నె ఉంచి పైన వెండి రేకు తొడుగుతారు, కొన్నిటిలో చెక్కుడు నిలవడానికి లక్క నింపుతారు. అది తప్పు కాదు గాని, వాటి బరువు వెండి బరువులో చేరకూడదు. తలుపులకు, పీఠాలకు వెండి తొడుగు చేయించేవారు రేకులను బిగించకముందే తూచి చూసుకోవాలి, బిగించిన తరువాత తూకానికి దారి ఉండదు. మన శఠగోపం బోలుగా, పూర్తిగా వెండితోనే ఉన్నది. త్రాసులో 800 గ్రాములు సరిగా తూగింది. ఒకవేళ 780 తూగివుంటే, తరుగూ మజూరీ కూడా 780 మీదనే లెక్కించాలని ముందే కాగితంలో రాయించి ఉన్నాము.

తరువాత హాల్‌మార్కు చూశాము. వెండికి హాల్‌మార్కు ఇంకా నిర్బంధం కాదు, అడిగి వేయించుకోవలసినదే. 2025 సెప్టెంబరు నుంచి వెండి వస్తువులకు కూడా ఆరు అక్షరాలు, అంకెలు గల గుర్తింపు సంఖ్యతో ముద్ర వేసే ఏర్పాటు వచ్చింది. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో చూసి సరిచూసుకోవచ్చును. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ ముద్ర స్వచ్ఛతకు పూచీ ఇస్తుంది, మీరు ఒప్పుకున్న మజూరీ సరియైనదా కాదా అన్నది దానికి సంబంధం లేదు.

ఆ సాయంత్రం గుడి అరుగు మీద లెక్క చదివి వినిపించాము. 640 తూకం, 600 కడ్డీ, 420 మేలిమి. కొన్నది 357. కలిపి 777. అందులో శఠగోపంలో ఉన్నది 740, తరుగు 37. ఒక్క గ్రాము కూడా లెక్కకు బయట లేదు. చదవడం ముగిసిన తరువాత ఎవరూ మాట్లాడలేదు. కడియం ఇచ్చిన ఆ వృద్ధురాలే ముందుగా లేచి, "అయితే నా కడియం ఇందులోనే ఉన్నది గదా" అన్నది. ఉన్నదని చెప్పాము. ఆమె కోశాధికారి వైపు తిరిగి, "నాయనా, నువ్వే తీసుకుపోయి స్వామి ముందు పెట్టు" అన్నది.

ఆయన శఠగోపాన్ని రెండు చేతులతో పట్టుకొని గుడి మెట్లు ఎక్కాడు.

వెండి కైంకర్యం సంకల్పించిన భక్తులు ఆర్డరు కాగితం మీద ఈ నాలుగు పంక్తులు ఉన్నాయో లేదో చూసుకోవలసినదిగా మనవి. పాత వెండి కరిగిన బరువు, దాని స్వచ్ఛత, మేలిమి గ్రాములు. కొత్త వస్తువు స్వచ్ఛత, తరుగు ఎంత, ఏ బరువు మీద. మజూరీ రూపాయలలో. బయానాతో ఏ రోజున, ఏ ధరకు, ఎన్ని గ్రాములు పట్టి ఉంచినదీ. ఈ నాలుగూ ఉంటే, సంవత్సరాల తరువాత ఎవరు అడిగినా స్వామి సొమ్ముకు లెక్క చెప్పవచ్చును.